నీటి అలకు కనీస వేగం

నిశ్చలంగా ఉన్న నీటి ఉపరితలం ఒకచోట ఉబ్బినా, మరోచోట కుంగినా, దాన్ని మళ్లీ చదును చేయడానికి రెండు బలాలు పనిచేస్తాయి. మొదటిది భూమి ఆకర్షణ. పైకి లేచిన నీటిని అది కిందికి లాగుతుంది. రెండోది తలతన్యత. నీటి అణువులు ఒకదాన్నొకటి ఆకర్షించుకోవడం వల్ల ఉపరితలం ఎప్పుడూ తన వైశాల్యాన్ని తగ్గించుకోవాలని చూస్తుంది. బిగించిన డప్పు చర్మంలా, వంపు తిరిగిన ప్రతిచోటా తిన్నగా కావడానికి లాగుతుంది. ఒక్క తేడా ఉంది. చర్మాన్ని సాగదీసే కొద్దీ బిగువు పెరుగుతుంది. స్వచ్ఛమైన నీటి తలతన్యత మాత్రం ఉపరితలం ఎంత పెరిగినా మారదు.

చదును చేసే బలం నీటిని సమతలానికి తెచ్చి అక్కడితో ఆపలేదు. అప్పటికే వేగం అందుకున్న నీరు సమతలాన్ని దాటి అవతలి వైపుకు పోతుంది. మళ్లీ వెనక్కి వస్తుంది. ఈ ఊగిసలాటే అలగా వ్యాపిస్తుంది. ప్రధానంగా భూమి ఆకర్షణ నడిపించే అలలను గురుత్వ తరంగాలనీ, తలతన్యత నడిపించే వాటిని కేశిక తరంగాలనీ అంటారు. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో వచ్చే గురుత్వ తరంగాలు వేరు, వాటితో వీటికి సంబంధం లేదు. సముద్రంలో కనిపించే పెద్ద అలలన్నీ గురుత్వ తరంగాలే. చిన్న గాలి తగిలినప్పుడు చెరువు మీద లేచే సన్నని ముడతలు కేశిక తరంగాలు.

ఏ అలను ఏ బలం నడిపిస్తుందో నిర్ణయించేది దాని పొడవు, అంటే ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి ఉన్న దూరం. దీన్ని తరంగదైర్ఘ్యం అంటారు. భూమి ఆకర్షణ పట్టించుకునేది నీరు ఎంత ఎత్తుకు లేచిందన్న సంగతినే. తలతన్యత పట్టించుకునేది ఉపరితలం ఎంత వంపు తిరిగిందన్న సంగతిని. ఒకే ఎత్తున్న రెండు అలల్లో ఒకదాని పొడవు రెండోదానిలో సగం అనుకుంటే, పొట్టి అల వంపు నాలుగు రెట్లు ఎక్కువగా ఉంటుంది. అందువల్ల అల పొట్టిదయ్యే కొద్దీ తలతన్యతదే పైచేయి అవుతుంది. పొడవు పెరిగితే వంపు చాలా స్వల్పమై, భూమి ఆకర్షణ ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

లోతైన నీటిలో ఈ రెండింటి ప్రభావాన్నీ కలిపి చెప్పే సూత్రం ఇది:

c² = gλ/2π + 2πσ/ρλ

ఇక్కడ c అల వేగం, λ తరంగదైర్ఘ్యం, g గురుత్వ త్వరణం, σ తలతన్యత, ρ నీటి సాంద్రత. కుడివైపు మొదటి పదం భూమి ఆకర్షణ వంతు, రెండోది తలతన్యత వంతు. మొదటి పదంలో λ పైన ఉంది, రెండో పదంలో కింద ఉంది. విషయమంతా ఈ చిన్న తేడాలోనే ఉంది. గురుత్వ తరంగం పొడవయ్యే కొద్దీ వేగంగా పోతుంది. కేశిక తరంగం పొట్టిదయ్యే కొద్దీ వేగంగా పోతుంది.

20 డిగ్రీల సెల్సియస్ వద్ద స్వచ్ఛమైన నీటి తలతన్యత మీటరుకు సుమారు 0.073 న్యూటన్లు. ఈ విలువతో లెక్కిస్తే, 2 మీటర్ల పొడవున్న అల సెకనుకు 1.77 మీటర్లు పోతుంది. 10 సెంటీమీటర్ల అల 40 సెంటీమీటర్లు పోతుంది. ఆ 10 సెంటీమీటర్ల అలలో తలతన్యత వంతు మూడు శాతం కూడా ఉండదు. అక్కడి నుంచి ఇంకా పొట్టి అలల వైపు వస్తే వేగం తగ్గుతూ వచ్చి, ఒకచోట ఆగి, తిరిగి పెరగడం మొదలవుతుంది. 5 మిల్లీమీటర్ల అల సెకనుకు 31 సెంటీమీటర్లకు పైగా పోతుంది. అందులో దాదాపు 92 శాతం తలతన్యత పుణ్యమే. 1 మిల్లీమీటరు అల ఏకంగా 68 సెంటీమీటర్లు పోతుంది. భూమి ఆకర్షణ ఒక్కటే ఉండి ఉంటే అది 4 సెంటీమీటర్లతో సరిపెట్టుకునేది.

తగ్గుతూ వచ్చిన వేగం తిరిగి పెరగడం మొదలయ్యే చోట రెండు పదాలూ సమానమవుతాయి. అక్కడ తరంగదైర్ఘ్యం 1.7 సెంటీమీటర్లు, వేగం సెకనుకు 23 సెంటీమీటర్లు. లోతైన స్వచ్ఛమైన నీటి మీద ఇంతకంటే నెమ్మదిగా పోయే అల ఉండదు. గురుత్వ, కేశిక తరంగాల మధ్య సరిహద్దు కూడా ఈ 1.7 సెంటీమీటర్లే. అయితే ఇది గట్టు వేసిన హద్దు కాదు. దీనికి అటూ ఇటూ, సుమారు అర సెంటీమీటరు నుంచి ఆరేడు సెంటీమీటర్ల దాకా ఉన్న అలల్లో రెండు బలాలూ చెప్పుకోదగ్గ పాత్ర వహిస్తాయి.

ఈ కనీస వేగాన్ని గణితంలో చూపి, సముద్రం మీద కొలిచినవాడు విలియం థామ్సన్. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన శాస్త్రవేత్త ఆయనే. 1871లో తన లల్లా రూఖ్ అనే తెరచాప పడవలో స్కాట్లండ్ పశ్చిమ తీరం వెంట వెళుతుండగా, నీటిలో వేలాడుతున్న చేపల గాలం తాడు దగ్గర ఒక విషయం ఆయన దృష్టిలో పడింది. పడవ మెల్లగా కదులుతున్నప్పుడు తాడుకు ముందు, అంటే పడవ పోయే దిశలో, సన్నని ముడతలు దగ్గర దగ్గరగా ఏర్పడుతున్నాయి. తాడు వెనక వెడల్పయిన అలలు వస్తున్నాయి. రెండూ తాడుతో పాటే, దానికి కట్టేసినట్టుగా కదులుతున్నాయి. కొన్ని వారాల తర్వాత మల్ జలసంధిలో గాలి పడిపోయి పడవ దాదాపు నిలిచిపోయినప్పుడు ఆయన ఆ వేగాన్ని కొలిచాడు. ఆ సమయంలో పడవలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్, థామ్సన్ సోదరుడు జేమ్స్ కూడా ఉన్నారు. పడవ కదలిక నీటిని చెదరగొట్టకుండా గాలం తాడును పడవ పక్క నుంచి కొంత దూరంలో వేలాడదీశారు. వేగం తెలుసుకోవడానికి తడిపిన కాగితం ముక్కలను నీటిలో వేసి, పడవ మీద 912 సెంటీమీటర్ల ఎడంలో పెట్టుకున్న రెండు గుర్తుల మధ్య దూరాన్ని అవి ఎంతసేపట్లో దాటుతున్నాయో చూశారు. పరికరాలంటూ వాడింది ఒక తాడు, కాసిన్ని కాగితం ముక్కలు, ఒక గడియారం. ఇంత తక్కువతో ఇంత సూక్ష్మమైన రాశిని పట్టుకోవడం ఆ కాలపు ప్రయోగాల్లో మెచ్చుకోదగ్గది.

తాడుకు ముందూ వెనకా వేర్వేరు అలలు ఎందుకు వస్తాయో చూడటానికి, తాడు సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో కదులుతోందనుకుందాం. తాడు నీటిని చెదరగొట్టి అన్ని పొడవుల అలలనూ పుట్టిస్తుంది. కానీ తాడుకు సూటిగా ముందూ వెనకా దానితో పాటు నిలకడగా కనిపించేవి, సరిగ్గా 30 సెంటీమీటర్ల వేగం ఉన్న అలలే. మిగిలినవి ముందుకో వెనక్కో జారిపోయి, ఒకదానితో ఒకటి కలిసి చెదిరిపోతాయి. సూత్రంలో c విలువ 30 అని పెట్టి λ ఎంతో చూస్తే రెండు జవాబులు వస్తాయి: ఒకటి 5.2 సెంటీమీటర్లు, రెండోది 5.6 మిల్లీమీటర్లు. మొదటిది గురుత్వ తరంగం, రెండోది కేశిక తరంగం. కనీస వేగానికి పైన ఏ వేగం తీసుకున్నా ఇలా రెండు అలలు ఉంటాయి, సరిహద్దుకు ఒకటి అటు, ఒకటి ఇటు. 23 సెంటీమీటర్ల వద్ద రెండూ ఒకటైపోతాయి. తాడు అంతకంటే నెమ్మదిగా పోతే దానితో కలిసి నడిచే అల ఏదీ ఉండదు. అప్పుడు తాడు చుట్టూ నీరు నున్నగా ఉంటుంది.

రెండూ ఒకే వేగంతో పోయే అలలే అయినప్పుడు ఒకటి ముందుకూ మరొకటి వెనక్కూ ఎందుకు చేరుతుందన్నది అసలు చిక్కు. అలలు గుంపుగా పోతున్నప్పుడు ఒక్కో శిఖరం వేగం వేరు, గుంపు మొత్తం పోయే వేగం వేరు. శక్తి గుంపుతో పాటే పోతుంది. ఈ రెండో వేగాన్ని సమూహ వేగం అంటారు. పొడవు పెరిగే కొద్దీ వేగం పెరిగే గురుత్వ తరంగాల్లో గుంపు శిఖరాల కంటే వెనకబడుతుంది. బాగా పొడవైన అలల్లో గుంపు వేగం శిఖరం వేగంలో సరిగ్గా సగం. అలాంటి గుంపును జాగ్రత్తగా చూస్తే, వెనక అంచున కొత్త శిఖరాలు పుట్టి, గుంపు గుండా ముందుకు నడిచి, ముందు అంచున మాయమవుతుంటాయి. పొట్టి అలలే వేగంగా పోయే కేశిక తరంగాల్లో ఇదంతా తిరగబడుతుంది. బాగా పొట్టి అలల్లో గుంపు వేగం శిఖరం వేగానికి ఒకటిన్నర రెట్లు. శిఖరాలు ముందు అంచున పుట్టి వెనక్కి జారిపోతాయి.

ఇప్పుడు తాడు దగ్గరికి తిరిగి వస్తే, 5.6 మిల్లీమీటర్ల ముడతల సమూహ వేగం సెకనుకు సుమారు 42 సెంటీమీటర్లు. తాడు వేగం 30 మాత్రమే కనుక, ఆ ముడతల శక్తి తాడును దాటి ముందుకు పోతుంది. 5.2 సెంటీమీటర్ల అలల సమూహ వేగం సుమారు 18. వాటి శక్తి తాడును అందుకోలేక వెనకబడిపోతుంది. అందుకే ముడతలు ముందు, అలలు వెనక. ఈ అమరికను చూడటానికి తెరచాప పడవ అక్కర్లేదు. తాడు కదిలి నీరు నిలకడగా ఉన్నా, తాడు నిలకడగా ఉండి నీరు కదిలినా లెక్క ఒకటే. పంటకాలువలో నీరు తేరుకుని, నున్నగా, మెల్లగా పారుతున్న చోట సన్నని పుల్లను నిలువుగా ముంచితే చాలు. ప్రవాహానికి ఎదురువైపు, అంటే నీరు వచ్చే దిశలో, సన్నని ముడతలు నిలిచి కనిపిస్తాయి. ప్రవాహం పెరిగే కొద్దీ అవి మరింత సన్నగా, దగ్గరగా అవుతాయి. ప్రవాహ వేగం 23 సెంటీమీటర్ల కిందికి వస్తే మాయమవుతాయి.

ముడతలు పుల్లకు మరీ దూరం పోకపోవడం కూడా గమనించవచ్చు. దానికి కారణం నీటి స్నిగ్ధత, అంటే నీటి పొరలు ఒకదాని మీద ఒకటి జరిగేటప్పుడు కలిగే రాపిడి. అల పొట్టిదయ్యే కొద్దీ ఈ రాపిడి దాన్ని ఎంతో వేగంగా హరించేస్తుంది. పొడవు సగమైతే అల నాలుగో వంతు కాలంలోనే అణగారిపోతుంది. 5.6 మిల్లీమీటర్ల ముడత ఎత్తు దాదాపు 0.4 సెకనులో మూడో వంతుకు కాస్త పైకి పడిపోతుంది. ఆ వ్యవధిలో దాని శక్తి పుల్ల కంటే సుమారు 5 సెంటీమీటర్లే ముందుకు పోగలదు. ఇదే రాపిడి 1 మీటరు పొడవున్న అల ఎత్తును అంత మేరకు తగ్గించాలంటే మూడు గంటలకు పైగా పడుతుంది. చెరువు మీద ముడతలు గాలి ఆగిన కొద్ది క్షణాల్లోనే చెరిగిపోవడానికీ, పెద్ద అలలు మాత్రం ఎక్కడో లేచి వేల కిలోమీటర్లు ప్రయాణించి తీరానికి రావడానికీ మూలం ఇక్కడే ఉంది.

థామ్సన్ తాడు దగ్గర మరొక సంగతి కూడా గమనించాడు. ముందున్న ముడతలకూ వెనకున్న అలలకూ మధ్య, రెండు పక్కలా ఏటవాలుగా పోయే సమాంతర అలలు ఉన్నాయి. అవి కనీస వేగంతో పోయే అలలని ఆయన గుర్తించాడు. ఏటవాలు అల తాడుతో కలిసి ఉండాలంటే తాడు వేగమంతా దానికి అవసరం లేదు. తన శిఖరరేఖకు లంబంగా ఉన్న దిశలో తాడు వేగంలో పడే భాగానికి సరితూగితే చాలు. సెకనుకు 30 సెంటీమీటర్ల వేగం వద్ద, కనీస వేగపు అలల శిఖరాలు తాడు పోయే దిశతో దాదాపు 50 డిగ్రీల కోణంలో నిలుస్తాయి. కాబట్టి ఆ కోణం, తాడు వేగం తెలిస్తే కనీస వేగం బయటపడుతుంది.

నిలకడైన చెరువులో రాయి వేసినప్పుడు కూడా ఈ వేగాల ఆట కనిపిస్తుంది. రాయి అన్ని పొడవుల అలలనూ ఒకేసారి పుట్టిస్తుంది. ఒక్కో పొడవు అలల గుంపు తన సమూహ వేగంతో బయటికి పోతుంది. సమూహ వేగానికి కూడా ఒక కనీస విలువ ఉంది. అది సెకనుకు సుమారు 18 సెంటీమీటర్లు, 4.4 సెంటీమీటర్ల పొడవు దగ్గర వస్తుంది. దానికంటే నెమ్మదిగా ఏ గుంపూ పోలేదు కనుక, రాయి పడిన చోటు చుట్టూ ప్రశాంతమైన వలయం ఏర్పడి అదే వేగంతో పెరుగుతూ పోతుంది. వలయాల నడుమ నీరు అంత త్వరగా తేటపడటానికి కారణం అదే.

తలతన్యత మారితే ఈ అంకెలన్నీ మారతాయి. సూత్రంలో σ ఒంటరిగా రాదు, σ/ρ గానే వస్తుంది. పాదరసం తలతన్యత నీటి కంటే ఆరు రెట్లకు పైగా ఎక్కువ. అయినా దాని సాంద్రత పదమూడున్నర రెట్లు ఉండటం వల్ల పాదరసం మీద కనీస వేగం నీటి కంటే తక్కువ, సెకనుకు సుమారు 19 సెంటీమీటర్లు. సబ్బు కలిపిన నీటిలో తలతన్యత సగం కంటే కిందికి, సుమారు 0.03 న్యూటన్లకు దిగిందనుకుంటే కనీస వేగం 18.5 సెంటీమీటర్లకూ, సరిహద్దు పొడవు 1.1 సెంటీమీటర్లకూ తగ్గుతాయి. పొడవైన అలలకు మాత్రం సబ్బు ఉన్నా లేకున్నా ఒకటే.

దీన్నే తిప్పి వాడితే అలల సాయంతో తలతన్యతను కొలవవచ్చు. 1890లో లార్డ్ రేలీ స్వచ్ఛమైన నీటి మీదా, జిడ్డు చేరిన నీటి మీదా ఇలా కొలతలు తీశాడు. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ముందే తెలిసిన కంపించే వస్తువును నీటికి తాకించి, పుట్టిన ముడతల పొడవు కొలవడమే ఈ పద్ధతి సారాంశం. ఉదాహరణకు సెకనుకు 100 కంపనాలు ఇస్తే స్వచ్ఛమైన నీటి మీద ముడత పొడవు 3.6 మిల్లీమీటర్లు. పైన చెప్పిన సబ్బు నీటి మీద అది 2.7 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. తేడా కంటికే తెలుస్తుంది. అయితే ఇక్కడ లెక్కలో తలతన్యత దాదాపు పొడవు ఘనాన్ని బట్టి మారుతుంది. పొడవు కొలతలో ఒక శాతం పొరపాటు జరిగితే జవాబులో మూడు శాతం తప్పు వస్తుంది. అందుకే ఒక్క ముడతను కొలవకుండా పది ఇరవై ముడతల దూరం కొలిచి భాగిస్తారు. మరో ప్రమాదం వేలికి అంటిన జిడ్డు. తొట్టి సరిగా కడగకపోతే నీరు స్వచ్ఛంగా కనిపిస్తూనే తప్పుడు విలువ ఇస్తుంది. ముడతలు ఉండవలసిన దాని కంటే దగ్గరగా ఉండటం, త్వరగా చచ్చిపోవడం దాని ఆనవాళ్లు.

జిడ్డు పొర వల్ల అలలు త్వరగా అణగడానికి కారణం తలతన్యత తగ్గడం ఒక్కటే కాదు. అల కదిలేటప్పుడు ఉపరితలం ఒకచోట సాగుతుంది, ఒకచోట ముడుచుకుంటుంది. జిడ్డు పొర సాగినచోట పలచనై తలతన్యత పెరుగుతుంది, ముడుచుకున్నచోట చిక్కనై తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులు ఉపరితలపు నీటిని అటూ ఇటూ కదలనివ్వకుండా పట్టి ఉంచుతాయి. దాంతో పొర కింద నీటిలో రాపిడి బాగా పెరిగి అల శక్తి హరించుకుపోతుంది. లండన్ దగ్గరి క్లాఫమ్ చెరువులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక చెంచాడు నూనె పోసి నీటిని నున్నగా మార్చిన ప్రయోగం వెనక ఉన్నది ఇదే. ఆ వివరాలు 1774లో అచ్చయ్యాయి.

సముద్రం మీద గాలి వేగాన్ని కొలిచే ఉపగ్రహాలు ఆధారపడేది కూడా ఈ సన్నని అలల మీదనే. 2009 సెప్టెంబరు 23న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఓషన్‌శాట్-2లో 13.5 గిగాహెర్ట్జ్ రాడార్ ఒకటి ఉండేది. దాని రేడియో తరంగాల పొడవు 2.2 సెంటీమీటర్లు. అవి ఏటవాలుగా సముద్రాన్ని తాకి తిరిగి ఉపగ్రహానికి బలంగా చేరేది, నీటి మీద 1.3 నుంచి 1.5 సెంటీమీటర్ల పొడవున్న అలల నుంచి మాత్రమే. అవి కేశిక, గురుత్వ తరంగాల సరిహద్దుకు పక్కనే ఉన్నవి. గాలి పెరిగితే ఆ ముడతలు ఎక్కువై రాడార్‌కు తిరిగి వచ్చే సంకేతం బలపడుతుంది. గాలి ఆగిన వెంటనే అవి చచ్చిపోతాయి కాబట్టి, ఆ క్షణంలో ఆ చోట వీస్తున్న గాలికి అవి నమ్మకమైన సాక్షులు. చమురు తెట్టు కట్టిన చోట ముడతలు అణగిపోయి, రాడార్ చిత్రంలో ఆ ప్రాంతం నల్లగా కనిపిస్తుంది. గాలి లేని చోటు కూడా అలాగే నల్లగా కనిపిస్తుంది కనుక, నల్లటి మచ్చ ఒక్కటి చూసి చమురని తేల్చలేరు.

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నిటికీ రెండు షరతులున్నాయి. అల ఎత్తు దాని పొడవుతో పోలిస్తే చాలా తక్కువగా ఉండాలి. నీటి లోతు అల పొడవులో కనీసం సగం ఉండాలి. లోతు అంతకంటే తగ్గితే నేల అడ్డు వచ్చి గురుత్వ తరంగాలు నెమ్మదిస్తాయి. వేగం పొడవును బట్టి మారడం మాని లోతును బట్టి మారుతుంది. లోతు ఇంకా తగ్గి 4.7 మిల్లీమీటర్లకు చేరితే, పొడవైన అలల వేగం సెకనుకు 21.5 సెంటీమీటర్లకు దిగుతుంది. అక్కడి నుంచి పొట్టి అలల వైపు పోతే వేగం పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. మధ్యలో ఉండవలసిన కనీస వేగం కనిపించకుండా పోతుంది. బడి ప్రయోగశాలల్లో అలలను చూపే తొట్టిలో నీటిని సుమారు 5 మిల్లీమీటర్ల లోతుకే పోయడంలో ఈ సౌలభ్యం ఉంది. ఆ లోతులో కొన్ని సెంటీమీటర్లకు మించిన పొడవున్న అలలన్నీ దాదాపు ఒకే వేగంతో పోతాయి. కాబట్టి కంపనాల సంఖ్యను మార్చినా వేగం పెద్దగా మారదు, తరంగదైర్ఘ్యం మాత్రం మారుతుంది. లోతు ఒకటి రెండు సెంటీమీటర్లకు పెరిగితే ఈ సౌలభ్యం పోతుంది. అప్పుడు కంపనాల సంఖ్య మారినప్పుడల్లా వేగం కూడా మారి, విద్యార్థి కొలతలు పాఠ్యపుస్తకంతో సరిపోవు.